పెద్ద పిజ్జా కావాలన్న కాల్

2019 నవంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఓరెగన్ పట్టణంలో 911 అత్యవసర నంబరుకు ఒక మహిళ ఫోన్ చేసి, చిరునామా చెప్పి, పిజ్జా కావాలంది. పిజ్జాకి చెయ్యాల్సిన నంబరు ఇది కాదన్నాడు ఫోన్ ఎత్తిన ఉద్యోగి. పొరపాటున చేసినవాళ్ళయితే ఆ మాటతో ‘సారీ’ చెప్పి పెట్టేస్తారు. ఆమె పెట్టెయ్యలేదు. మీకు అర్థం కావడం లేదు, అని పట్టుబట్టింది.

అతనికి అప్పుడు తట్టింది. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడా అని అడిగాడు. అవును, పెద్ద పిజ్జా కావాలంది. వైద్యసాయం అవసరమా అంటే, వద్దు, పెపరోనీ వెయ్యమంది. ఇంట్లో ఒక మగమనిషి ఆమె తల్లి మీద దాడి చేస్తున్నాడు. సైరన్ ఆపేసి వెళ్ళమని పోలీసులకు చెప్పాడు ఆ ఉద్యోగి. వాళ్ళు వెళ్ళి అతన్ని అరెస్టు చేశారు.

ఆమెకు అవసరమైనదల్లా, పక్కనున్నవాడికి అనుమానం రాకుండా ‘అవును’, ‘కాదు’లతో జవాబివ్వగల ప్రశ్నలు. ‘ఏం జరిగింది?’ అని అడిగితే చెప్పడానికి ఆమెకు దారి లేదు. ‘అతను అక్కడే ఉన్నాడా?’ అంటే ఉంది.

అసలు మాటే వినిపించకపోతే? బ్రిటన్‌లో 999కి ఇలాంటి కాల్స్ వస్తూనే ఉంటాయి. ముందుగా ఆపరేటర్ ఏ సేవ కావాలో అడుగుతారు. మాట రాకపోతే దగ్గమనో, ఫోన్ మీద వేలితో తట్టమనో చెబుతారు. మొబైల్ నుంచి వచ్చిన కాల్‌లో అదీ వినిపించకపోతే, 55 నొక్కమని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. నొక్కితే కాల్ పోలీసులకు వెళుతుంది. నొక్కకపోతే మామూలుగా కట్ అవుతుంది. జేబులో దానంతటదే నొక్కుకున్న ఫోన్, చెప్పిన వేళకు 55 నొక్కదు కదా.

ఈ పద్ధతిని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. 55 నొక్కగానే పోలీసులకు తామెక్కడున్నామో తెలిసిపోతుందని నమ్ముతారు. అది కేవలం కాల్‌ను పోలీసులకు కలుపుతుంది, అంతే. ఆ తర్వాత కూడా గుసగుసగానో, దగ్గుతోనో, తట్టడంతోనో జవాబు చెప్పాలి. ఇది ల్యాండ్‌లైన్‌లో పనిచెయ్యదు కూడా.

పిల్లల విషయానికి వస్తే మౌనం మరో రకం. 1996లో ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ప్రాజెక్టుగా మొదలైన చైల్డ్‌లైన్ 1098కి మాట్లాడని కాల్స్ ఎప్పుడూ ఉండేవే. కొందరు పిల్లలు నిజంగా ఎవరైనా ఎత్తుతారా అని చూడడానికే చేస్తారు. వెనక స్నేహితుల నవ్వులు, గుసగుసలు వినిపిస్తాయి. ‘హలో’ అనగానే పెట్టేస్తారు. బిడియపడే పిల్ల వేరు. రిసీవర్‌కి దగ్గరగా ఊపిరి వినిపిస్తుంది, పెట్టెయ్యదు, లేదా పెట్టేసి కాసేపటికి మళ్ళీ చేస్తుంది. కానీ ఈ గుర్తులు ఖాయం కాదు. నవ్విన పిల్లాడే, అవతలివాళ్ళు తిడతారో లేదో చూసుకుని, మర్నాడు అసలు సంగతి చెప్పడానికి చెయ్యవచ్చు. అందుకే ఆటపట్టించే కాల్‌ని కూడా కసిరి పెట్టెయ్యకూడదు.

పదకొండేళ్ళ పిల్ల ఫోన్ చేసి మాట్లాడడం లేదనుకుందాం. ‘ఎవరు? ఏం కావాలి?’ అని గుచ్చి అడిగితే పెట్టేస్తుంది. ‘నేను వింటున్నానమ్మా, తొందరేం లేదు’ అని చెప్పి ఆగాలి. నిశ్శబ్దాన్ని వెంటనే నింపెయ్యకూడదు. కాసేపటికి, ‘పక్కన ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒకసారి తట్టు, లేకపోతే రెండుసార్లు తట్టు’ అనాలి. రెండు తట్లు వినిపిస్తే, ‘దెబ్బ తగిలిందా?’ లాంటి చిన్న ప్రశ్నలతో ముందుకెళ్ళవచ్చు. ఒకటే తట్టు అయితే, వివరాలు అడగడం ఆపి, ఇప్పుడు ప్రమాదంలో ఉన్నావా అన్న ఒక్క ప్రశ్న చాలు. కాల్ మధ్యలో తెగితే తిరిగి చెయ్యడంలో పెద్ద ముప్పుంది. కొట్టినవాడే పక్కన కూర్చుని ఉంటే, ఆ రింగే పిల్లను పట్టిస్తుంది.

జేబులోంచి వచ్చే కాల్స్ ఇటీవల బాగా పెరిగాయి. మన దేశంలో స్మార్ట్‌ఫోన్ పవర్ బటన్‌ను మూడుసార్లు వెంటవెంటనే నొక్కితే 112కి వెళ్ళేలా ప్యానిక్ బటన్ నిబంధనలు వచ్చాయి. బ్రిటన్‌లో 2023లో ఆండ్రాయిడ్ ఫోన్ల ఎస్ఓఎస్ సదుపాయం వల్ల పొరపాటు కాల్స్ వెల్లువెత్తి, పోలీసులే హెచ్చరించాల్సి వచ్చింది. ఇలాంటి కాల్‌లో గుడ్డ రాపిడి, అడుగుల చప్పుడు, ఫోన్ సంగతే తెలియని కబుర్లు వినిపిస్తాయి. ఎంత పిలిచినా ఆ కబుర్లు ఆగవు.

ఫోన్ దానంతటదే 112కి కలిసిపోతే కంగారుపడి కట్ చెయ్యకండి. ఎవరైనా ఎత్తేదాకా ఉండి, ‘పొరపాటున కలిసింది, అంతా బాగానే ఉన్నాం’ అని చెప్పండి. మాట లేకుండా తెగిపోయిన కాల్‌కి, ఆపదలో ఉన్నవాళ్ళు చేసిన కాల్‌కి అవతలివాళ్ళకు తేడా తెలియదు. దాన్ని తేల్చుకోవడానికి వాళ్ళు తిరిగి ఫోన్ చేస్తున్నంతసేపూ ఆ లైను ఇంకొకరికి దొరకదు.