సగటు గీతల సంకేతం: ధర ముందే వెళ్లిపోయాక మోగే గంట

రాయ్‌పూర్‌లోని తెలీబంధాలో ఉన్నవారికైనా, విశాఖలో ఉన్నవారికైనా ఫోన్‌లో కనిపించే బిట్‌కాయిన్ రోజువారీ చార్టు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఎక్కువ చార్టుల్లో ఒక రోజు ముగిసి మరొకటి మొదలయ్యేది భారత కాలమానం ప్రకారం ఉదయం 5.30 గంటలకు. ఆ చార్టుపై కొత్తవారు ఎక్కువగా నమ్ముకునేవి రెండు గీతలు: గత 50 రోజుల ముగింపు ధరల సగటు, గత 200 రోజుల సగటు. మొదటిది రెండోదాన్ని దాటి పైకి వెళ్తే ‘గోల్డెన్ క్రాస్’, కిందికి దిగితే ‘డెత్ క్రాస్’ అంటారు.

ఈ గీతలు రాబోయే ధరను చెప్పవు. గడిచిన ధరలనే కూడి, భాగించి చూపుతాయి. అందుకే 50 రోజుల సగటు ధర కంటే సుమారు 25 రోజులు, 200 రోజుల సగటు సుమారు 100 రోజులు వెనుకబడి నడుస్తాయి.

2020లో జరిగింది ఇందుకు చక్కని ఉదాహరణ. ఫిబ్రవరి 18న గోల్డెన్ క్రాస్ ఏర్పడింది. అప్పుడు ధర 10,000 డాలర్లకు అటూ ఇటూగా ఉంది. మార్చి 12న ఒక్క రోజులోనే ధర సుమారు 7,900 నుంచి 5,000 డాలర్లకు పడిపోయింది. దాదాపు 3,000 డాలర్ల ఆ పతనం ఆ రోజు 50 రోజుల సగటును తగ్గించింది 60 డాలర్ల మేరకే. 200 రోజుల సగటును 15 డాలర్ల మేరకే. డెత్ క్రాస్ కనిపించేసరికి మార్చి చివరి వారం వచ్చింది. అప్పటికే ధర కోలుకుని 6,700 డాలర్ల వద్ద ఉంది. మే నెల మూడో వారంలో మళ్లీ గోల్డెన్ క్రాస్ వచ్చినప్పుడు ధర 9,000 డాలర్లు దాటింది.

సంకేతాలను తు.చ. తప్పక పాటించినవారు 10,000కు కొని, 6,700కు అమ్మి, 9,000 పైన తిరిగి కొన్నట్లయింది. మూడు నెలల్లోనే మూడో వంతు సొమ్ము పోయింది.

అలాగని ఈ పద్ధతి పనికిరాదని కాదు. మే సంకేతం తర్వాత ధర 2021 ఏప్రిల్‌లో 60,000 డాలర్లు దాటింది. దీర్ఘకాలం ఒకే దిశలో సాగే మార్కెట్లో ఆలస్యం పెద్ద నష్టం కాదు. ధర పైకీ కిందికీ ఊగిసలాడేటప్పుడే దెబ్బ తగులుతుంది. 200 రోజుల గీత దాదాపు సమతలంగా ఉండి, రెండో గీత దాన్ని పదేపదే కోస్తుంటే అలాంటి దశ నడుస్తోందని గుర్తించవచ్చు.

భారత్‌లో ఈ ఊగిసలాట మరింత ఖరీదైనది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది. ఒక లావాదేవీలో వచ్చిన నష్టాన్ని మరో లాభంలో తగ్గించుకునే వీలు లేదు. అమ్మకాలపై 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

పాత చార్టులో ప్రతి కూడలీ సరైన చోటే ఉన్నట్లు అనిపిస్తుంది. తర్వాత ఏం జరిగిందో కంటికి ముందే కనిపించడమే కారణం. కుడివైపు భాగాన్ని కాగితంతో కప్పి, సంకేతం వచ్చిన మర్నాటి ధరను మాత్రమే రాసుకుంటూ, రుసుములు, పన్ను తీసివేసి లెక్క కడితే అసలు ఫలితం తెలుస్తుంది.