హద్దు పెట్టాలా, వెల కట్టాలా?

2006 ఏప్రిల్ చివర్లో యూరప్ కార్బన్ మార్కెట్ కుప్పకూలింది. టన్ను కార్బన్ డయాక్సైడ్ వదలడానికి కావలసిన పర్మిట్ అప్పటిదాకా 30 యూరోల దగ్గర పలికింది. మే నెల సగానికొచ్చేసరికి ధర సగమైపోయింది. మరుసటి ఏడాదికి పర్మిట్లు చిల్లర పైసలకు దిగాయి. యుద్ధమూ రాలేదు, ఫ్యాక్టరీలూ మూతపడలేదు. తొలి ఏడాది లెక్కలు బయటికొచ్చాయి, అంతే. కంపెనీలు నిజంగా వదిలిన పొగ కన్నా ప్రభుత్వాలు పంచిపెట్టిన పర్మిట్లే ఎక్కువని ఆ లెక్కలు తేల్చాయి.

కాలుష్యాన్ని డబ్బుతో అదుపు చేయడానికి రెండు దారులున్నాయి. ఏడాదికి మొత్తం ఇన్ని టన్నులకు మించరాదని ప్రభుత్వం హద్దు గీసి, అన్ని పర్మిట్లే విడుదల చేసి, వాటిని కంపెనీలు అమ్ముకోవడానికి, కొనుక్కోవడానికి వీలివ్వడం ఒకటి. యూరప్ 2005లో మొదలుపెట్టింది ఇదే. టన్నుకు ఇంత అని పన్ను వేసి, ఎవరు ఎంత తగ్గించుకుంటారో వాళ్లకే వదిలేయడం రెండోది. స్వీడన్ 1991 నుంచీ కార్బన్ పన్ను వేస్తోంది.

రెండూ ఎలా పనిచేస్తాయో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక ఊళ్లో రెండు ఫ్యాక్టరీలు, ఒక్కొక్కటి ఏడాదికి 1,000 టన్నుల పొగ వదులుతున్నాయి. మొదటిది పాతకాలపు బాయిలర్లు మార్చుకుంటే టన్నుకు 800 రూపాయల ఖర్చుతో 400 టన్నుల వరకూ తగ్గించగలదు. రెండోదాంట్లో యంత్రాలు ఇప్పటికే కొత్తవి, అక్కడ టన్ను తగ్గించాలంటే 2,000 అవుతుంది. మొత్తం 2,000 టన్నులను 1,600కు దించాలన్నది ప్రభుత్వ లక్ష్యం.

చెరో 200 టన్నులు తగ్గించండని ఆర్డరు వేస్తే మొత్తం ఖర్చు 5 లక్షల 60 వేలు. అలా కాకుండా చెరో 800 పర్మిట్లు ఇచ్చి ఊరుకుంటే, మొదటి ఫ్యాక్టరీ తానే 400 టన్నులూ తగ్గించి, మిగిలిన 200 పర్మిట్లను రెండోదానికి అమ్ముతుంది. బేరం 1,200 దగ్గర తెగిందనుకుందాం. అమ్మినవాడికి 800 ఖర్చు మీద లాభం, కొన్నవాడికి 2,000 ఖర్చు తప్పింది. పొగ 1,600 టన్నులకే దిగింది, ఊరు మొత్తానికి అయిన ఖర్చు మాత్రం 3 లక్షల 20 వేలే.

అదే చోట పర్మిట్లు లేకుండా టన్నుకు 1,200 పన్ను వేస్తే? మొదటి ఫ్యాక్టరీకి పన్ను కట్టడం కన్నా పొగ తగ్గించడమే చవక కాబట్టి 400 టన్నులు తగ్గిస్తుంది. రెండోది పన్నే కడుతుంది. పొగ మళ్లీ 1,600 టన్నులే, తగ్గించిందీ అదే ఫ్యాక్టరీ. పన్నయితే డబ్బు ఖజానాకు పోతుంది, పర్మిట్లయితే కంపెనీల దగ్గరే ఉంటుంది అని కొందరు తేడా చెబుతారు. అది పర్మిట్లను ఉచితంగా పంచినప్పటి మాట. వేలం వేస్తే ఆ డబ్బూ ప్రభుత్వానికే వస్తుంది. ఉచితంగా పంచితే ఏమవుతుందో కూడా యూరప్ చూసింది. అక్కడి విద్యుత్ కంపెనీలు పర్మిట్లు ఊరకే తీసుకుని, వాటి మార్కెట్ ధరను మాత్రం కరెంటు ధరలో కలిపి జనం దగ్గర వసూలు చేసుకున్నాయి.

లెక్కలన్నీ ముందే తెలిసినంతకాలం రెండు దారులూ ఒకే చోటికి చేరతాయి. అంచనా తప్పిన రోజున విడిపోతాయి. మొదటి ఫ్యాక్టరీలో టన్ను తగ్గించే ఖర్చు 800 కాదు, 1,300 అని తేలిందనుకోండి. 1,200 పన్ను ఉన్నచోట ఎవరూ ఏమీ తగ్గించరు. ఇద్దరూ పన్ను కట్టేస్తారు, పొగ 2,000 టన్నుల దగ్గరే ఉండిపోతుంది. పర్మిట్లున్నచోట పొగ 1,600 దాటదు, కానీ పర్మిట్ ధర 1,300 పైకి ఎగబాకుతుంది. ఇప్పుడు తిరగేసి చూడండి: మాంద్యం వచ్చి, ఉత్పత్తి పడిపోయి, పొగ తనంతట తానే 1,500కు దిగిందనుకుందాం. పర్మిట్లు మిగిలిపోయి వాటి ధర సున్నా అవుతుంది, బాయిలర్లు మార్చే పని ఆగిపోతుంది. పన్నయితే మాంద్యంలోనూ కట్టాల్సిందే కనుక ఆ పని సాగుతుంది.

అంటే హద్దు పెడితే పొగ ఖాయం, ధర ఊగుతుంది. వెల కడితే ధర ఖాయం, పొగ ఊగుతుంది. 1974లో మార్టిన్ వైట్స్‌మన్ అనే ఆర్థికవేత్త ఈ సంగతిని గణితంలో పెట్టి, ఎంపికకు ఒక కొలబద్ద ఇచ్చాడు. ఫలానా మోతాదు దాటితే ప్రాణాలకే ముప్పు అనే విషపదార్థమైతే మోతాదులో పొరపాటు కూడదు, హద్దే పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్ అలాంటిది కాదు. దశాబ్దాలుగా గాలిలో పేరుకుపోయినదే వేడి పెంచుతోంది, ఒక ఏడాది కాస్త ఎక్కువైనంత మాత్రాన కొంప మునగదు. అందుకే చాలామంది ఆర్థికవేత్తలు కార్బన్‌కు పన్నే మేలంటారు. నాకూ ఆ వాదన బలమైనదిగానే కనిపిస్తుంది. చిక్కల్లా ఆ పన్నును ఏటేటా పెంచే ధైర్యం దగ్గరే.

యూరప్ విషయానికొస్తే, 2008 మాంద్యం పైన చెప్పిన రెండో ఊహను నిజం చేసింది. 2013 నాటికి దాదాపు 200 కోట్ల పర్మిట్లు మిగులు తేలి, ధర 5 యూరోల కిందికి కూడా జారింది. 2019 నుంచి మిగులును మార్కెట్లోంచి తీసి నిల్వలో పెట్టే పద్ధతి వచ్చింది. ఏటా హద్దును కూడా వేగంగా దించసాగారు. 2023 ఫిబ్రవరిలో ధర 100 యూరోలు తాకింది.

మన దేశం రెండు దారులూ కాస్త రుచి చూసింది. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు పెట్టి, 2016కల్లా 400 చేశారు. సింగరేణి బొగ్గుకూ ఇదే వర్తించింది. టన్ను బొగ్గు కాలితే సుమారు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, కార్బన్ లెక్కన అది టన్నుకు 270 రూపాయలు. ఆ 400 తొమ్మిదేళ్లపాటు కదల్లేదు, ఈలోగా రూపాయి విలువ మాత్రం తగ్గుతూ వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సును తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. జీఎస్టీ ధర మీద పడే పన్ను. నాసిరకం బొగ్గు చవక కనుక దానిమీద టన్నుకు పడేదీ తక్కువే.

హద్దుకు మంచి ఉదాహరణ సూరత్. అక్కడ 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీల పొగగొట్టాలకు నిరంతరం కొలిచే పరికరాలు పెట్టించి, గాలిలోకి వదిలే ధూళికణాలకు పర్మిట్ల మార్కెట్ తెరిచింది. కిలో పర్మిట్ ధర 5 రూపాయలకు తగ్గకుండా, 100 దాటకుండా గట్లు కట్టారు. పర్మిట్ల ధర సున్నాకు పడిపోవడం, చేతికందకుండా పోవడం రెండూ తప్పించే ఏర్పాటది. మార్కెట్లో చేరిన ఫ్యాక్టరీల నుంచి వచ్చే ధూళి, చేరనివాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తగ్గిందని పరిశోధకులు తేల్చారు.

2023లో కేంద్రం ప్రకటించిన కార్బన్ క్రెడిట్ పథకం అలాంటిది కాదు. అందులో మొత్తం పొగకు హద్దు లేదు, టన్ను సిమెంటుకో టన్ను ఉక్కుకో ఇంత అన్న ప్రమాణమే ఉంది. సిమెంటు ఉత్పత్తి రెట్టింపయితే, ప్రతి కంపెనీ ప్రమాణం పాటించినా, మొత్తం పొగ పెరగొచ్చు. ఎదుగుతున్న దేశానికి ఆ వెసులుబాటు కావాలన్న వాదనలో న్యాయముంది. కానీ దాన్ని కాలుష్యానికి హద్దు అని పిలవడం సరికాదు.