పాస్‌వర్డ్ తాళం రిపోర్టులో మొదటి రెండు పేజీలు

ఇంజినీరింగ్ కాలేజీల మినీ ప్రాజెక్టుల్లో స్మార్ట్ డోర్ లాక్ ఏటా కనిపించేదే. ఆర్డుయినో ఊనో బోర్డు, అంకెల కీప్యాడ్, చిన్న ఎల్‌సీడీ తెర, రిలే, 12 వోల్టుల సోలనాయిడ్ తాళం ఉంటే చాలు. సరైన పిన్ నొక్కగానే గడియ లోపలికి జరుగుతుంది, అయిదు సెకన్లాగి మళ్లీ పడుతుంది. తాళం బాగానే చేస్తారు. తంటా అంతా రిపోర్టుతోనే. అందులోనూ అబ్‌స్ట్రాక్ట్, స్కోప్ అనే రెండు భాగాలను బైండింగ్‌కి ఇచ్చే ముందు రాత్రి సీనియర్ల ఫైలు చూసి దింపేస్తుంటారు.

అలా దింపిన అబ్‌స్ట్రాక్ట్ సాధారణంగా ‘నేటి ఆధునిక ప్రపంచంలో భద్రత ఎంతో ముఖ్యమైన అంశం’ అంటూ మొదలవుతుంది. ఆ వాక్యం సీసీ కెమెరా రిపోర్టులో పెట్టినా నప్పుతుంది, కాబట్టి ఇక్కడ దానికి పనిలేదు. ఏం చేశాం, దేనితో చేశాం, అది ఎలా నడుస్తుంది, పరీక్షిస్తే ఏం తేలింది అన్నవే అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండాలి. అదీ ఒక్క పేరాలో. ఉదాహరణకి:

‘నాలుగంకెల పిన్‌తో తెరుచుకునే తలుపు తాళాన్ని ఏటీమెగా328పీ మైక్రోకంట్రోలర్‌తో తయారుచేశాం. పిన్ సరిపోతే రిలే ద్వారా 12 వోల్టుల సోలనాయిడ్ గడియ అయిదు సెకన్లపాటు తెరుచుకుంటుంది. వరసగా మూడుసార్లు తప్పు నొక్కితే బజర్ మోగి, కీప్యాడ్ నిమిషంపాటు పనిచేయదు. మధ్యలో కరెంటు తీసి మళ్లీ ఇచ్చినా ఆ నిరీక్షణ తప్పదని పరీక్షించి చూశాం.’

ఇందులో ఆఖరి వాక్యమే అసలు సరుకు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నాలుగంకెల పిన్‌లు మొత్తం 10,000. మూడు పిన్‌లు నొక్కడానికి పది సెకన్లు, ఆపైన నిమిషం ఆగడం, అంటే ఒక విడతకి 70 సెకన్లు. అన్నీ ప్రయత్నించాలంటే 3,333కి పైగా విడతలు, దాదాపు 65 గంటలు పడుతుంది. అంతసేపు తలుపు ముందు నిలబడే దొంగ ఉండడు. అయితే తప్పుల లెక్కను ప్రోగ్రామ్‌లో మామూలు వేరియబుల్‌లో ఉంచితే అది ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోగానే చెరిగిపోతుంది. బోర్డు మళ్లీ లేవడానికి రెండు సెకన్లు చాలు. మెయిన్ స్విచ్ ఆపి వేసే తోడుదొంగ ఒకడుంటే 70 సెకన్ల విడత 12 సెకన్లకి, 65 గంటలు 11 గంటలకి దిగిపోతాయి. మన అపార్ట్‌మెంట్లలో మీటర్లు తరచూ కిందే ఉంటాయని మర్చిపోకూడదు.

మందు ఆ చిప్‌లోనే ఉంది. కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ అనే జ్ఞాపకం అందులో 1 కేబీ ఉంటుంది. తప్పు పడిన ప్రతిసారీ లెక్కను అక్కడ రాసి, బోర్డు లేవగానే చదవాలి:

```cpp
EEPROM.update(0, wrongCount);   // తప్పు పిన్ పడినప్పుడు
wrongCount = EEPROM.read(0);    // setup() లో
```

లేచేసరికి లెక్క మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ముందు నిమిషం ఆగాలి, ఆ తర్వాతే లెక్కను సున్నా చేయాలి. ఓ చిన్న తిరకాసుంది. ఇంతవరకూ ఏమీ రాయని ఈఈప్రామ్‌ని చదివితే 255 అని వస్తుంది. అందుకే కొత్త బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎవరూ ఏమీ నొక్కకుండానే నిమిషం ఆగమంటుంది. అది వైరింగ్ లోపం కాదు.

ఇక స్కోప్. ఇళ్లు, ఆఫీసులు, బ్యాంకు లాకర్లు అన్నింటికీ పనికొస్తుందని రాయడం ఇక్కడి అలవాటు. ఎగ్జామినర్ ‘బ్యాంకు లాకర్’ మాట పట్టుకుంటే వైవా అక్కడే ఇరుక్కుంటుంది. ఈ తాళం ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడమే స్కోప్ పని. ఒక ఇంటి లోపలి గదికి ఒకే పిన్, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు కాదు, పక్కన నిలబడి పిన్ చూసినవాణ్ని ఆపలేదు. కరెంటు లేనప్పుడు సోలనాయిడ్ గడియ స్ప్రింగ్ బలంతో మూసే ఉంటుంది. కనుక బయటివారికి మామూలు తాళంచెవి, లోపలివారికి చేత్తో తిప్పే నాబ్ తప్పనిసరి. ఈ ఆఖరి మాట రాయని రిపోర్టులే ఎక్కువ. అగ్నిప్రమాదం జరిగి కరెంటు పోతే లోపల చిక్కుకునేది ఇంటివాళ్లే.

ముఖం గుర్తుపట్టడం, ఫోన్ యాప్ లాంటి చేయని పనులు స్కోప్‌లోకి రాకూడదు. అవి చివరి అధ్యాయంలో ఫ్యూచర్ స్కోప్ కింద ఉండాలి. అక్కడైనా కొంచెం చూసుకుని రాయాలి. ఊనో ర్యామ్ 2 కేబీ. అడ్డంగా 100, నిలువుగా 100 చుక్కలున్న నలుపు తెలుపు ఫొటోకే, చుక్కకో బైటు చొప్పున, 10,000 బైట్లు కావాలి. అందుకని ఆ వాక్యం పక్కనే ‘బోర్డు మార్చాల్సి ఉంటుంది’ అని కూడా రాయాలి.