వార్తల్లో పదం: బిందు లబ్ధం

రెండు వ్యాసాల పోలికను, రెండు ఫొటోల పోలికను కంప్యూటర్ ‘కొసైన్’తో కొలుస్తుందని ఈమధ్య తరచూ వింటున్నాం. దాని వెనకున్నది ఇంటర్ గణితంలోని బిందు లబ్ధమే.

అన్నవరంలో నిలబడి చూద్దాం. తుని సుమారు 16 కి.మీ. తూర్పుకి, 9 కి.మీ. ఉత్తరానికి ఉంటుంది: (16, 9). రాజమహేంద్రవరం 64 కి.మీ. పడమరకి, 31 కి.మీ. దక్షిణానికి: (-64, -31). ఈ రెండు సదిశల మధ్య కోణం ఎంత?

cos θ = (a·b) / (|a| |b|)

తూర్పు అంశను తూర్పు అంశతో, ఉత్తర అంశను ఉత్తర అంశతో గుణించి కలిపితే -1024 - 279 = -1303. రుణ గుర్తు రాగానే కోణం 90 డిగ్రీలు దాటిందని తెలిసిపోతుంది. పొడవులు వర్గమూలాలతో 18.36, 71.11, వాటి లబ్ధం దాదాపు 1305.5. భాగిస్తే -0.998, అంటే సుమారు 176 డిగ్రీలు. రెండు ఊళ్లూ దాదాపు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయన్నమాట.

తొందరపడి పొడవుల్ని 18, 71గా కుదిస్తే జవాబు -1.02 అవుతుంది. కొసైన్ -1 కంటే తగ్గదు కాబట్టి కాలిక్యులేటర్ తప్పు చూపిస్తుంది. 0, 180 డిగ్రీల దగ్గర కోణం బాగా మారినా కొసైన్ కొద్దిగానే కదులుతుంది. అందుకే అక్కడ చిన్న సవరింపు కూడా కోణాన్ని చెడగొడుతుంది. విద్యార్థులు దశాంశాలను చివరి మెట్టు దాకా కుదించకుండా ఉంచుకోవాలి.