రాజుగారి అనుమతితో ఓడల దోపిడీ! ఎందుకు ఆగింది?

నౌకాదళం చాలనప్పుడు యూరప్ రాజులు ప్రైవేటు ఓడలకు అనుమతి పత్రాలిచ్చేవారు. శత్రుదేశపు ఓడలనే పట్టుకోవాలి. పట్టిన ఓడను కోర్టులో చూపించి, తీర్పు వచ్చాకే సొమ్ము పంచుకోవాలి.

1696లో ఇంగ్లండ్ రాజు ఇచ్చిన పత్రంతో బయలుదేరిన కెప్టెన్ విలియం కిడ్, 1698లో మలబారు తీరంలో ‘క్వెడా మర్చంట్’ అనే ఓడను పట్టుకున్నాడు. అందులో ఇంగ్లండ్ శత్రువులైన ఫ్రెంచివాళ్ల అనుమతి చీటీ ఉంది కాబట్టి అది శత్రువుల ఓడేనన్నాడు. కానీ ఓడను అద్దెకు తీసుకున్నది ఆర్మేనియా వర్తకులు, సరుకులో మొగలు దర్బారు పెద్దల వాటా ఉంది. పైగా కోర్టు తీర్పు రాకముందే కిడ్ చాలా సరుకు అమ్మేశాడు.

మొగలులకు కోపం వచ్చింది. ఈస్టిండియా కంపెనీ వ్యాపారం చిక్కుల్లో పడింది.

దోపిడీ కన్నా వర్తకమే లాభమనుకున్న ఇంగ్లండ్, 1701లో కిడ్‌ను ఉరితీసింది. 1856లో పారిస్ ప్రకటనతో అనేక దేశాలు ఇలాంటి పత్రాల పద్ధతినే రద్దుచేశాయి.