జోడీ కుదరని టైర్లు

ఆరు టైర్ల లారీకి వెనక ఒక్కో పక్కన రెండేసి టైర్లుంటాయి. ఆ రెండింటి రిమ్ములూ ఒకే హబ్‌కి, ఒకే బోల్టులతో బిగించి ఉంటాయి. కాబట్టి లోపలి టైరు ఒక చుట్టు తిరిగితే బయటిది కూడా కచ్చితంగా ఒక చుట్టే తిరగాలి. ఒకటి పెద్దదై మరొకటి చిన్నదైనా సరే, దేని వేగంతో అది తిరిగే వీలు లేదు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. మన దారుల మీద తరచూ జరిగేదే తీసుకుందాం. ఎడమవైపు బయటి టైరు పేలింది, దాని చోట కొత్తది వేశారు. పక్కనున్న లోపలి టైరు సగం అరిగింది. రెండింటి మీదా 10.00R20 అనే రాసి ఉంది కాబట్టి సైజు కుదిరిందనుకున్నారు. కానీ కొత్త టైరు గాడి లోతు 16 మిల్లీమీటర్లు, పాతదానిది 8. అరుగుదల చుట్టూతా ఉంటుంది. అందుకే 8 మిల్లీమీటర్ల తేడా వ్యాసంలో 16 మిల్లీమీటర్లవుతుంది.

టేపు చుట్టి చూస్తే కొత్తదాని చుట్టుకొలత 3,312 మిల్లీమీటర్లు, పాతదానిది 3,260 వచ్చిందనుకోండి. ఒక్కో చుట్టుకీ 52 మిల్లీమీటర్ల తేడా. కిలోమీటరుకి టైరు దాదాపు మూడు వందల చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఆ దూరంలో పదిహేను మీటర్లకు పైగా లెక్క కుదరదు. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా 270 కిలోమీటర్లకీ కలిపితే నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. బరువుకి పెద్ద టైరు అణగడం వల్ల ఇందులో కొంత సర్దుకుంటుంది. మిగిలినంత దూరమూ చిన్న టైరు రోడ్డు మీద దొర్లడం మాని ఈడ్చుకుపోవాల్సిందే. రబ్బరు అక్కడే అరిగిపోతుంది.

అరిగేది చిన్నదైతే చెడేది పెద్దది. దాని వ్యాసం ఎక్కువ కాబట్టి ముందుగా నేలకు ఆనేది అదే, జోడీ మీద పడాల్సిన బరువులో ఎక్కువ భాగం మోసేదీ అదే. ఎక్కువ బరువు మోసే టైరు పక్కగోడలు ఎక్కువగా వంగుతాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి. చివరికి లోపలి కట్టు వదిలిపోయి పేలుతుంది. కొత్త టైరు అన్యాయంగా పేలిందని షాపు మీదకి వెళ్లేవారు పక్కన దానికిచ్చిన జోడీని కూడా చూడాలి. పైగా బరువుకి ఉబ్బిన పక్కగోడ అవతలి టైరుకి తగిలి ఒరుసుకునే ప్రమాదమూ ఉంది. రెండింటి మధ్యా నల్లగా రాసుకున్న మచ్చ కనిపిస్తే అదే సాక్ష్యం. ఒకటి పక్కదానికంటే చాలా త్వరగా, ఎగుడుదిగుడుగా అరగడం మరో గుర్తు.

పెద్ద లారీ టైర్ల జోడీలో వ్యాసం తేడా 12 మిల్లీమీటర్లు దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. చుట్టుకొలతలో అది సుమారు 38 మిల్లీమీటర్లు. 8.25 సైజు, అంతకంటే చిన్న టైర్లకు ఇందులో సగమే. మన ఉదాహరణలో 52 వచ్చింది కాబట్టి ఆ జోడీ పనికిరాదు.

కొలవడానికి కావలసింది సన్నని ఉక్కు టేపు. గుడ్డ టేపు సాగుతుంది, వద్దు. టైరుని రిమ్ముకి ఎక్కించి, రెండింటిలోనూ సమానంగా గాలి నింపి, చల్లగా ఉన్నప్పుడు, బరువు లేకుండా కొలవాలి. కొత్తగా ఎక్కించిన టైరు గాలికి కాస్త పెరుగుతుంది, ఒక రోజు ఆగి కొలిస్తే నికరంగా తెలుస్తుంది. ట్రెడ్ నట్టనడుమ టేపు చుట్టి, ఎక్కడా జారకుండా బిగించి చుట్టుకొలత చదవాలి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం.

టైర్లు బండికే ఉంటే పెద్ద మూలమట్టం తెచ్చుకోవాలి. దాని పొడుగు చేతిని బయటి టైరు పక్కగోడకి నిటారుగా ఆనించి, పొట్టి చేతిని రెండు ట్రెడ్‌ల మీదుగా చాపాలి. నేలకు ఆనిన చోట టైరు ఉబ్బి ఉంటుంది, అక్కడ పెట్టొద్దు. చిన్న టైరుకీ చేతికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని రెట్టింపు చేస్తేనే వ్యాసం తేడా అవుతుంది. ఇది మర్చిపోయి 8 మిల్లీమీటర్లే కదా అని వదిలేసేవారు చాలామంది.

మరి మన లారీకి ఏం చేయాలి? స్టెప్నీని కొలవాలి. దాని చుట్టుకొలత 3,276 వచ్చిందనుకుందాం. పాతదానితో తేడా 16 మిల్లీమీటర్లే, అంటే వ్యాసంలో 5. ఈ రెండూ జోడీ, కొత్తది స్టెప్నీ స్థానంలోకి. ఈ కాస్త తేడాలోనూ పెద్దది బయటికి, చిన్నది లోపలికి వేయాలి. మన రోడ్లు నడుమ ఎత్తుగా ఉండటం వల్ల లోపలి టైరు మీద ఇప్పటికే భారం ఎక్కువ. బ్రేకు డ్రమ్ము వేడి తగిలేదీ దానికే.

కొలతలు కుదిరినా రేడియల్ టైరుకి నైలాన్ టైరు జోడీ కట్టొద్దు, బరువుకి రెండూ ఒకేలా అణగవు. రీట్రెడ్ చేయించిన టైరైతే సైజు అంకె మీద నమ్మకం పెట్టుకోకుండా టేపు చుట్టి చూడాల్సిందే. ఎందుకంటే కొత్త రబ్బరు మందం షాపుకో రకంగా ఉంటుంది.