ఆ ధరకు మీకు ఎవరు అమ్మారు?

మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని వచ్చాడు. అతని సూత్రం చిన్నదే. షేరు గత 20 రోజుల గరిష్ఠ ధరను దాటితే కొనాలి, ఆ సాయంత్రమే అమ్మేయాలి. పాత ధరలన్నీ ఎక్సెల్‌లో పోసి లెక్క కట్టాడు. గీత కొండెక్కినట్టు పైకి పోతోంది. "అన్నయ్యా, ఉద్యోగం మానేద్దామా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ సగం నిజంగానే అడిగాడు.

నేను ఒకే ఒక్క గడి మీద వేలు పెట్టాను. అక్కడ కొన్న ధర రూ. 500.50 అని ఉంది. అదే వరుసలో ఆ రోజు కనిష్ఠ ధర రూ. 505. రోజంతా 505కు తక్కువలో ఒక్క షేరు కూడా చేతులు మారలేదు. మరి వీడికి ఐదు వందల చిల్లరకు ఎవరు అమ్మారు?

జరిగిపోయిన ధరల మీద ఒక సూత్రాన్ని ఆడించి చూడటమే బ్యాక్‌టెస్ట్. అందులో "కొన్నాను" అని రాసుకున్న ప్రతి చోటా ఒక ఊహ దాగి ఉంటుంది. మన ఆర్డర్ ఏ ధరకు నెరవేరింది, అసలు నెరవేరిందా లేదా అన్నదే ఆ ఊహ. దీన్నే ఫిల్ అంటారు. ఏ రకం ఆర్డర్ వేస్తామన్న దాన్ని బట్టి ఈ ఊహ మారిపోతుంది.

మార్కెట్ ఆర్డర్ అంటే ధర అడగకుండా కొనడం. సరుకు తప్పకుండా దొరుకుతుంది, ధరకు మాత్రం హామీ లేదు. మీకు 1,000 షేర్లు కావాలనుకోండి. అమ్మేవాళ్ల వరుసలో రూ. 502కు 300, 502.20కి 400, 502.60కి 300 ఉన్నాయి. తెర మీద కనిపించేది 502, మీకు సగటున పడేది 502.26. ఈ 26 పైసల తేడాయే స్లిప్పేజీ. 2012 అక్టోబరు 5న ఎన్‌ఎస్‌ఈలో ఒక బ్రోకరు కార్యాలయం నుంచి పొరపాటున భారీ అమ్మకం ఆర్డర్లు పడినప్పుడు కొనేవాళ్ల వరుస ఖాళీ అయి, నిఫ్టీ క్షణాల్లో సుమారు 15 శాతం జారింది. మన వెయ్యి షేర్లకు అంత ప్రళయం రాదు. పనిచేసే సూత్రం మాత్రం అదే.

కాబట్టి మార్కెట్ ఆర్డర్‌తో బ్యాక్‌టెస్ట్ చేస్తే ప్రతి కొనుగోలుకూ కొంత అదనం కలపాలి. ఇక్కడ ఇంకో తప్పు తరచూ కనిపిస్తుంది. ముగింపు ధర చూసి సంకేతం వచ్చిందంటారు, అదే ముగింపు ధరకు కొన్నట్టు రాసుకుంటారు. ముగింపు ధర తెలిసేసరికి బజారు కట్టేశారు కదా. నిజాయతీగా లెక్క వేస్తే దొరికేది మర్నాడు ఉదయం ధరే.

లిమిట్ ఆర్డర్ దీనికి తలకిందులు. "500కు మించి ఇవ్వను" అని చెప్పి వరుసలో నిలబడతాం. ధరకు హామీ ఉంది, సరుకుకు లేదు. ఎక్స్ఛేంజిలో ముందు మంచి ధరకు, ఆ ధరలో ముందొచ్చిన వాళ్లకు చోటు. ధర 500ను తాకి వెనక్కి వెళ్లిందంటే వరుస మొదట్లో ఉన్నవాళ్లకు దొరికి ఉండవచ్చు, చివర నిలబడ్డ మనకు దొరకకపోవచ్చు. ధర 500 కంటే కిందికి జారిపోతే మాత్రం మన ఆర్డర్ కచ్చితంగా నెరవేరుతుంది. తమాషా ఇక్కడే ఉంది. తాకి పైకి లేచిన మంచి రోజుల్లో మనకు షేరు రాదు, కూలిపోయిన రోజుల్లో తప్పకుండా వస్తుంది. అందుకే ధర తాకితే చాలు, కొన్నట్టే అని రాసిన బ్యాక్‌టెస్ట్‌ను నేను నమ్మను. కనిష్ఠ ధర మన లిమిట్ కంటే కనీసం ఐదు పైసలైనా కిందికి దిగితేనే ఫిల్ అని రాయాలి.

మా తమ్ముడు వాడింది ఈ రెండూ కలిసిన స్టాప్-లిమిట్. బ్రోకరు తెర మీద `SL` అని కనిపిస్తుంది. దీనికి రెండు ధరలు ఇవ్వాలి. చివరిగా జరిగిన లావాదేవీ ధర ట్రిగ్గర్‌ను తాకగానే ఆర్డర్ నిద్ర లేస్తుంది. ఆ తర్వాత మామూలు లిమిట్ ఆర్డర్‌లా వరుసలో నిలబడుతుంది. 20 రోజుల గరిష్ఠం 500 అనుకుని ట్రిగ్గర్ 500.50, లిమిట్ 502 పెట్టాడు. కాగితం మీద మూడు కల్పిత రోజులు వేసి చూపించాను.

మొదటి రోజు 497 దగ్గర మొదలై మెల్లగా 500 దాటింది, 506 దగ్గర ముగిసింది. ఆర్డర్ 501 ప్రాంతంలో నెరవేరుతుంది, లాభం 5. రెండో రోజు ఉదయమే 509 దగ్గర తెరుచుకుంది, 505 కంటే దిగలేదు, 521 దగ్గర ముగిసింది. ఆర్డర్ లేచింది గానీ 502 దగ్గర నిలబడిపోయింది, సాయంత్రం దాకా ఎవరూ అటు రాలేదు. లాభం సున్నా. మూడో రోజూ 509 దగ్గరే తెరుచుకుంది, తర్వాత 496 దాకా పడి 497 దగ్గర ముగిసింది. ధర దిగుతూ 502ను దాటినప్పుడు మన ఆర్డర్ నెరవేరింది, నష్టం 5. మూడు రోజుల మొత్తం సున్నా.

అతని ఎక్సెల్ మూడు రోజులూ 500.50కే కొన్నట్టు రాసింది. దాని లెక్కలో 5.50, 20.50 లాభాలు, 3.50 నష్టం. నికరం షేరుకు 22.50.

లిమిట్ తీసేసి, ట్రిగ్గర్ తాకగానే మార్కెట్ ధరకు కొనే `SL-M` వేస్తే? రెండో రోజు 509.50కు కొని 11.50 లాభం, మూడో రోజు అదే ధరకు కొని 12.50 నష్టం, మొదటి రోజు 5 లాభం. నికరం 4. పెద్ద పరుగు చేతికొచ్చింది, దాని వెంటే పెద్ద దెబ్బా తగిలింది. ఆప్షన్లలో మాత్రం `SL-M`ను ఎన్‌ఎస్‌ఈ 2021 సెప్టెంబరులో ఆపేసింది.

ఎన్‌ఎస్‌ఈలో ఇంకో మెలిక ఉంది. రోజువారీ డేటాలో కనిపించే ప్రారంభ ధర 9 గంటలకు మొదలయ్యే ప్రీ-ఓపెన్ వేలంలో తేలిన ధర. స్టాప్-లాస్ ఆర్డర్లను ఆ వేలంలో తీసుకోరు, అవి 9:15 తర్వాతే పనిలోకి దిగుతాయి. కాబట్టి గ్యాప్ రోజుల్లో సరిగ్గా ప్రారంభ ధరకే కొన్నట్టు రాయడం కూడా కాస్త ఉదారమే. నా పై లెక్కలో 509కి బదులు 509.50 వేసింది అందుకే.

నా తీర్పు చెప్పాలంటే, బ్రేకౌట్ సూత్రానికి ప్రాణం కొద్దిపాటి పెద్ద పరుగుల్లోనే ఉంటుంది. లిమిట్ మరీ దగ్గరగా పెడితే సరిగ్గా అవే జారిపోతాయి. కొనుగోళ్లు, అమ్మకాలు దండిగా ఉండే షేర్లలో లిమిట్‌ను కాస్త దూరంగా పెట్టడం మేలు. పలచటి షేర్లలో ఆ సూత్రం జోలికే పోకపోవడం మంచిది. ప్రారంభం నుంచీ అప్పర్ సర్క్యూట్‌లోనే ఉండిపోయిన రోజు ప్రారంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు నాలుగూ ఒకే అంకె అయి ఉంటాయి. అమ్మేవాడే లేని ఆ రోజున మీరు ఏ ఆర్డర్ వేసినా కొన్నట్టు రాసుకోకండి.

మీ ఎక్సెల్‌లో కొన్న ధర పక్కన ఆ రోజు కనిష్ఠం పెట్టి, దానికంటే తక్కువకు కొన్నట్టున్న వరుసలన్నీ ముందు తీసేయండి. మూడో రోజు లాంటివి ఈ జల్లెడలో దొరకవు. 500.50 ఆ రోజు హద్దుల లోపలే ఉంది మరి. వాటి కోసం ప్రారంభ ధర లిమిట్‌ను దాటిన రోజులను విడిగా ఏరి, నిమిషాల డేటా తెచ్చుకుని చూడాలి. మా తమ్ముడు ఆ పని చేయడానికి ఒక ఆదివారమంతా పట్టింది. బ్రోకరేజీ, పన్నులు కూడా కలిపాక సూత్రం నష్టంలో తేలింది. ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు.